ఒకే తీగ మీద రెండు కాయిల్స్

ఖరగ్‌పూర్ రైలు కట్టిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు పని వెతుక్కుంటూ వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. వారి మనవలు, మునిమనవలు ఇప్పుడు బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ కలిపి మాట్లాడతారు. పొద్దున మాత్రం ఇళ్లలో ఇడ్లీ, దోసె, కొబ్బరి పచ్చడే. అందుకే గోల్‌బజార్ చుట్టుపక్కల సందుల్లో మిక్సీ బాగుచేసే చిన్న కొట్లకు ఎప్పుడూ పని ఉంటుంది.

ఆ కొట్లలో బల్ల మీద విప్పి పెట్టిన మిక్సీ మోటారుకూ, ఇదే ఊళ్లో దశాబ్దాలపాటు డీజిల్ షెడ్డుకు వచ్చిపోయిన ఇంజన్ల చక్రాల మధ్య తిరిగిన మోటారుకూ లోపలి కనెక్షన్ ఒకటే. రెండిట్లోనూ ఫీల్డ్ కాయిల్, ఆర్మేచర్ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. ఫీల్డ్‌లో నుంచి వెళ్లిన కరెంటే ఆర్మేచర్‌లోకీ వెళుతుంది. మిక్సీ ఏసీ మీదా డీసీ మీదా తిరగడానికి కారణం ఈ కనెక్షనే. జార్ ఖాళీగా ఉంటే గోల పెడుతూ పరుగెత్తడానికీ అదే కారణం. ఇది ఎలా జరుగుతుందో, దాన్ని అదుపులో ఉంచడానికి తయారీదారు ఎంత జాగ్రత్తగా పని చేస్తాడో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మోటారును చేతిలోకి తీసుకుని చూద్దాం. బయట ఉండేది స్టేటర్. పలుచటి ఉక్కు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన చట్రం అది. ఆ చట్రంలో ఎదురెదురుగా రెండు ధ్రువాలుంటాయి. ఒక్కో ధ్రువానికి ఒక్కో ఫీల్డ్ కాయిల్. మధ్యలో గుప్పిట్లో ఇమిడేటంత ఆర్మేచర్ ఉంటుంది. అది కూడా రేకుల పేర్పే. దాని చుట్టూ నిలువు గాడులు ఉంటాయి. మన మిక్సీల్లో తరచుగా కనిపించే రకానికి 12 గాడులు, కమ్యూటేటర్ మీద 24 రాగి పట్టీలు. గాడికి రెండేసి కాయిల్స్ చొప్పున 24 కాయిల్స్. ఒక్కో కాయిల్ మొదలు ఒక పట్టీ కొక్కేనికి, చివర పక్క పట్టీ కొక్కేనికి బిగిస్తారు. పట్టీకీ పట్టీకీ మధ్య సన్నటి అభ్రకం పొర ఉంటుంది. రెండు వైపుల నుంచి రెండు కార్బన్ బ్రష్‌లు స్ప్రింగు ఒత్తిడితో ఆ రాగి మీద ఆనుకుని ఉంటాయి.

ఆర్మేచర్ ఉక్కు అంచును వేలితో తడిమితే అక్కడక్కడ చిన్న చిన్న గంట్లు తగులుతాయి. పడి దెబ్బతిన్నదేమో అనిపిస్తుంది కానీ, అవి ఫ్యాక్టరీలో కావాలని తీసినవి. తీగ చుట్టి, వార్నిష్ పోసి, కాల్చాక ఆర్మేచర్‌ను బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పి చూస్తారు. ఎటు బరువు ఎక్కువగా ఉంటే అటు కాస్త ఉక్కు గీకేస్తారు. మిక్సీ నిమిషానికి 20,000 చుట్లు తిరిగిందనుకోండి. ఆర్మేచర్ వ్యాసం 4 సెంటీమీటర్లయితే దాని అంచు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్టు. ఆ అంచున ఒక్క గ్రాము ఎక్కువగా మిగిలినా, అది సుమారు 9 కిలోల బరువు లాగినంత బలంగా షాఫ్టును బయటికి గుంజుతుంది. ఆ గుంజుడు దిక్కు సెకనుకు 333 సార్లు చుట్టూ తిరిగివస్తుంది. గంట్లు తీసే మనిషి కాపాడేది ఈ బలం నుంచే. నున్నటి ఆర్మేచర్ కంటే గంట్లున్న ఆర్మేచరే నాకు అందంగా కనిపిస్తుంది.

ఇక ఏసీ, డీసీ సంగతి. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగలో కరెంటు పారితే తీగ మీద తోపు పడుతుంది. ఆ తోపు దిక్కును నిర్ణయించేవి రెండు: క్షేత్రం దిక్కు, కరెంటు దిక్కు. వీటిలో ఒక్కటి తిరగబడితే తోపు తిరగబడుతుంది. రెండూ ఒకేసారి తిరగబడితే తోపు మొదటి దిక్కులోనే ఉంటుంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది, అంటే సెకనుకు 100 సార్లు దిక్కు మారుస్తుంది. సిరీస్ మోటారులో ఫీల్డ్‌దీ ఆర్మేచర్‌దీ ఒకే కరెంటు కనుక దిక్కు మారినప్పుడల్లా రెండూ కలిసే మారతాయి. తోపు మాత్రం ఎప్పుడూ ఒకే వైపు. డీసీ ఇస్తే దిక్కు మారే ప్రసక్తే లేదు, కాబట్టి మామూలుగా తిరుగుతుంది. రెండిటి మీదా తిరుగుతుంది కనుకే దీన్ని యూనివర్సల్ మోటారు అంటారు.

ఏసీ మీద ఆ తోపు సమంగా ఉండదు. కరెంటు సున్నా దాటిన ప్రతిసారీ తోపు కూడా సున్నాకు పడి మళ్లీ లేస్తుంది. సెకనుకు 100 తోపులన్నమాట. అయినా చేతికి కుదుపు తెలియదు. నిమిషానికి 10,000 చుట్ల వేగంలో తోపుకీ తోపుకీ మధ్య ఆర్మేచర్ ఒకటిన్నర చుట్టుకు పైనే తిరిగేస్తుంది. తన బరువు ఊపుతోనే ఆ సందును దాటేస్తుంది.

ఫీల్డ్‌నూ ఆర్మేచర్‌నూ విడివిడిగా సరఫరాకు కలిపిన షంట్ మోటారును ఏసీకి తగిలిస్తే ఇలా తిరగదు. షంట్ ఫీల్డ్‌కు సన్నటి తీగతో వేల చుట్లుంటాయి. ఏసీలో అన్ని చుట్లున్న కాయిల్ కరెంటును బాగా అడ్డుకుంటుంది, పారిన కాస్త కరెంటునూ ఆలస్యం చేస్తుంది. ఆర్మేచర్ కరెంటు శిఖరం మీద ఉన్న క్షణానికి ఫీల్డ్ ఇంకా సున్నా దగ్గరే ఉంటుంది. రెండూ కలిసిరావు, తోపు పుట్టదు. సిరీస్ కనెక్షన్‌లో ఆ తేడాకు చోటే లేదు.

ఏసీ కోసం తయారీలో రెండు ముఖ్యమైన మార్పులు చేస్తారు. డీసీకి మాత్రమే పనిచేసే మోటారు చట్రం గట్టి ఇనుప ముద్దయినా ఫరవాలేదు. ఏసీలో మారుతూ ఉండే అయస్కాంతం ఆ ముద్దలోపలే సుడి కరెంట్లు పుట్టించి దాన్ని కాల్చేస్తుంది. అందుకే స్టేటర్‌ను కూడా పలుచటి రేకులుగా కోసి, రేకుకీ రేకుకీ మధ్య పూత పూసి పేరుస్తారు. రెండో మార్పు చుట్లలో. ఫీల్డ్‌కు లావు తీగతో తక్కువ చుట్లు, ఆర్మేచర్‌కు ఎక్కువ చుట్లు ఇస్తారు. ఫీల్డ్‌లో చుట్లు తగ్గితే ఏసీకి అడ్డు తగ్గుతుంది. ఎంత తగ్గించినా కొంత అడ్డు మిగులుతుంది. అందుకే ఒకే మోటారును ఒకే వోల్టేజీతో డీసీ మీద, ఏసీ మీద తిప్పితే, బరువు పడినప్పుడు డీసీ మీద కాస్త వేగంగా తిరుగుతుంది.

ఏసీ, డీసీ రెండిటి మీదా తిరిగే ఈ గుణం ఒకప్పుడు వ్యాపారానికి ప్రాణం. కలకత్తాలో 1899లో మొదలైన విద్యుత్ సరఫరా డీసీయే. ఏసీ తర్వాత వచ్చింది. ప్రపంచంలో చాలా నగరాలదీ ఇదే కథ. ఒక వీధిలో డీసీ, ఇంకో వీధిలో ఏసీ ఉన్న రోజుల్లో ఏ ఇంటికైనా అమ్మగల పరికరం కావాలంటే ఈ మోటారే దిక్కు. 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ పేటెంట్ పొందిన, పిస్తోలు పిడి, ట్రిగ్గర్ స్విచ్ ఉన్న చేతి డ్రిల్లు కూడా దీనితోనే నడిచింది. ఇప్పుడు ఇళ్లలో డీసీ లేదు. అయినా ఆ గుణం రోజూ పనికొస్తూనే ఉంది. కొన్ని పరికరాల్లో తక్కువ వేగానికి దారిలో ఒక డయోడ్ పెడతారు. అది ఏసీలో సగాన్ని కోసేసి, ఒకే దిక్కున కొట్టుకునే కరెంటును మోటారుకు పంపుతుంది. మోటారు దాన్నీ స్వీకరించి నెమ్మదిగా తిరుగుతుంది.

ఏసీ మీద తిరిగే మోటార్లు ఇంకా ఉండగా మిక్సీకి ఇదే ఎందుకు? వేగం కోసం. తడి గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. 50 హెర్ట్జ్ కరెంటు మీద అది ఎంత చేసినా నిమిషానికి 3,000 చుట్లు దాటలేదు. రాళ్లు నెమ్మదిగా తిరిగి రుబ్బే పనికి ఆ మోటారే సరైనది. మిక్సీ బ్లేడు పని కొట్టడం, తరగడం. దానికి వేగం ఉండాలి. ఏ మోటారు శక్తయినా దాని తోపును వేగంతో గుణిస్తే వచ్చేదే. వేగం అయిదారు రెట్లు పెరిగితే అంతే శక్తికి మోటారు ఎంతో చిన్నదైపోతుంది. 1960లలో ముంబైలో ఎస్.పి. మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మన్ మిక్సీ మన పప్పులకు, మసాలాలకు తట్టుకోలేక కాలిపోయింది. ఆయన కొత్తగా తయారుచేసిన సుమీత్ మిక్సీలో మన వంటకు తగ్గట్టు బలమైన మోటారును పెట్టారు. మన వంటింట్లో మిక్సీకి చోటు దొరికింది ఆ పనితనం వల్లే.

ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు పరుగు ఎందుకో చూద్దాం. తిరుగుతున్న ఆర్మేచర్ తనే ఒక చిన్న జనరేటరు కూడా. అయస్కాంత క్షేత్రంలో తిరుగుతుంది కనుక దానిలో వోల్టేజీ పుడుతుంది. అది బయటి నుంచి వచ్చే వోల్టేజీకి ఎదురుగా నిలబడుతుంది. దీన్ని ఎదురు వోల్టేజీ అందాం. సరఫరా వోల్టేజీలో కొంత తీగల నిరోధంలో పోగా, మిగిలినదానికి ఎదురు వోల్టేజీ సమానమయ్యేదాకా ఆర్మేచర్ వేగం పుంజుకుంటుంది. ఎదురు వోల్టేజీ రెండిటి మీద ఆధారపడుతుంది: వేగం, క్షేత్రం బలం. క్షేత్రం బలహీనపడితే అదే ఎదురు వోల్టేజీ కోసం ఇంకా వేగంగా తిరగాలి.

సిరీస్ మోటారులో క్షేత్రాన్ని పుట్టించేది ఆర్మేచర్ కరెంటే. బరువు తగ్గితే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే క్షేత్రం సన్నబడుతుంది. క్షేత్రం సన్నబడితే వేగం పెరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. సులువుగా ఉండడానికి సరఫరా 230 వోల్టుల డీసీ, ఫీల్డ్, ఆర్మేచర్ కలిపి నిరోధం 8 ఓములు, ఉక్కు ఇంకా అయస్కాంతంతో నిండిపోలేదు అనుకుందాం. పప్పు రుబ్బేటప్పుడు 3 ఆంపియర్లు పారుతోంది, వేగం నిమిషానికి 10,000 చుట్లు. నిరోధంలో పోయేది 24 వోల్టులు, ఎదురు వోల్టేజీ 206. ఇప్పుడు పప్పు మెదిగి పలచబడింది, కరెంటు 1.5 ఆంపియర్లకు పడింది. నిరోధంలో పోయేది 12 వోల్టులే కనుక ఎదురు వోల్టేజీ 218 కావాలి. కానీ క్షేత్రం సగమైపోయింది. సగం క్షేత్రంతో 218 వోల్టులు పుట్టాలంటే వేగం రెట్టింపుకు కాస్త పైన, 21,000 చుట్లకు చేరాలి. తోపు కరెంటు, క్షేత్రం రెండిటి లబ్ధం కనుక అది నాలుగో వంతుకు పడిపోయింది. కరెంటు సగమైతే తోపు పావు, వేగం రెట్టింపు.

ఇదే లెక్కను ఇంకో చివర నుంచి చూడండి. బ్లేడు కింద ఏదో ఇరుక్కుని ఆర్మేచర్ అసలు తిరగకపోతే ఎదురు వోల్టేజీ సున్నా. అప్పుడు 230 వోల్టులు 8 ఓముల మీద పడి దాదాపు 29 ఆంపియర్లు పారుతుంది. ఏసీలో కాయిల్ అడ్డు వల్ల కొంత తగ్గినా, తీగ పూత కాలడానికి కొద్ది సెకన్లు చాలు. మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ ఓవర్‌లోడ్ స్విచ్ ఈ క్షణం కోసమే. అది ఎగిరి బయటికి వస్తే మోటారును కాపాడిందని అర్థం. వెంటనే నొక్కేయకుండా జార్ తీసి, బ్లేడు చేత్తో తిరుగుతోందో లేదో చూసి, మోటారు చల్లారాక నొక్కాలి.

మరి ఖాళీగా వదిలితే మిక్సీ వేగం పెరుగుతూ పోయి పగిలిపోదా? పగలదు. దాని షాఫ్టుకే అడుగున ఒక ఫ్యాను బిగించి ఉంటుంది. మోటారును చల్లబరచడమే దాని ప్రధానమైన పని. దానితోపాటు వేగానికి కళ్లెం కూడా వేస్తుంది. ఫ్యాను మింగే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు. బుష్‌ల రాపిడి, బ్రష్‌ల రాపిడి దానికి తోడవుతాయి. ఎక్కడో ఒకచోట మోటారు ఇవ్వగలిగినదీ, గాలి మింగేదీ సమానమవుతాయి, వేగం అక్కడ ఆగుతుంది. తయారీదారు ఆర్మేచర్ కట్టును, బ్యాలెన్సును ఆ వేగానికి సరిపడేలా చేసి ఉంచుతాడు. చేతి డ్రిల్లులో గేర్ల రాపిడి కూడా ఈ పని చేస్తుంది.

పెద్ద మోటారుకు ఈ రక్షణ లేదు. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లలో ఉన్నవి డీసీ సిరీస్ మోటార్లే. అంత పెద్ద యంత్రాన్ని బరువు లేకుండా పూర్తి వోల్టేజీ మీద వదిలితే రాపిడి, గాలి దాన్ని ఆపలేవు. వేగం పెరిగి పెరిగి కాయిల్స్ గాడుల్లోంచి లేచిపోతాయి. అందుకే దాన్ని బెల్టుతో ఎప్పుడూ కలపరు. బెల్టు తెగితే బరువు పోయినట్టే. ఇరుసుకు గేరుతోనే కలుపుతారు. అయినా వానలో పట్టా తడిస్తే చక్రం పట్టు తప్పి మోటారు ఒక్కసారిగా పరుగందుకుంటుంది. అప్పుడు పవర్ తగ్గించి, పట్టాల మీద ఇసుక చల్లి పట్టు తెచ్చుకోవాలి. పచ్చడి మెదగ్గానే మిక్సీ స్వరం పెరగడానికీ, తడి పట్టా మీద చక్రం జారినప్పుడు మోటారు పరుగెత్తడానికీ కారణం ఒకటే.

మిక్సీ నాబ్‌లో కూడా రైలు పద్ధతే ఉంది. చాలా మిక్సీల్లో 1, 2, 3 అంకెలు ఫీల్డ్ కాయిల్ నుంచి మధ్యలో తీసిన కొసలు. ఒకటి మీద పెడితే కరెంటు ఫీల్డ్ చుట్లన్నిటి గుండా పోతుంది. మూడు మీద పెడితే కొన్ని చుట్లను వదిలేసి పోతుంది. చుట్లు తగ్గితే క్షేత్రం బలహీనపడుతుంది, వేగం పెరుగుతుంది. పాత ఇంజన్లలో బండి వేగం అందుకున్నాక ఇంకా పెంచాలంటే ఫీల్డ్ కరెంటులో కొంత భాగాన్ని పక్కదారి పట్టించేవారు. దాన్ని ఫీల్డ్ వీకెనింగ్ అంటారు. వంటింట్లో మన చేత్తో రోజూ చేస్తున్నది అదే.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నప్పుడు ఒక ప్రశ్న రావాలి. మిక్సీ మోటారు 50 హెర్ట్జ్ ఏసీ మీద హాయిగా తిరుగుతుంటే, రైలు ఇంజను మోటారుకు కూడా నేరుగా ఏసీ ఇవ్వొచ్చు కదా? మన దేశంలో 25 కిలోవోల్టుల 50 హెర్ట్జ్ ఏసీ రైలు మొదట నడిచింది ఆగ్నేయ రైల్వేలోనే, 1959 డిసెంబరులో రాజ్‌ఖర్సావాన్, కెంద్‌పోసి మధ్య. ఆ కాలానికి వచ్చిన డబ్ల్యూఏఎం-1 ఇంజన్లు తీగ నుంచి ఏసీ తీసుకునేవి కానీ మోటార్లకు ఏసీ ఇచ్చేవి కావు. లోపల ఇగ్నిట్రాన్ అనే పాదరసపు రెక్టిఫయర్లు పెట్టి డీసీగా మార్చి ఇచ్చేవి. యూనివర్సల్ మోటారు హద్దు ఎక్కడుందో ఈ ఇంజను చెబుతుంది.

ఆ హద్దు బ్రష్ కింద ఉంది. ఆర్మేచర్ తిరుగుతుండగా ప్రతి కాయిల్ ఒక క్షణంపాటు తన రెండు పట్టీలతో బ్రష్ కిందికి వస్తుంది. ఆ క్షణం బ్రష్ దాని రెండు కొసలనూ కలిపేస్తుంది. డీసీ మోటారులో ఆ కాయిల్‌కు కరెంటు దిక్కు మార్చుకోవడం ఒక్కటే పని. ఏసీలో దానికి తోడు ఫీల్డ్ అయస్కాంతం సెకనుకు 100 సార్లు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. బ్రష్ కింద ఉన్న కాయిల్ దానికి ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలా పనిచేస్తుంది. దానిలో వోల్టేజీ పుట్టి, బ్రష్ ద్వారా షార్ట్ అయి, పట్టీ బ్రష్‌ను వదిలే క్షణంలో నిప్పురవ్వగా బయటపడుతుంది. మిక్సీలో క్షేత్రం చిన్నది, కాయిల్ తీగ సన్నది, కార్బన్ బ్రష్‌కు సొంత నిరోధం ఉంది. ఆ షార్ట్ కరెంటును ఈ మూడూ కలిసి చిన్న నీలి మెరుపు దాటి పోకుండా ఆపుతాయి. ఇంజను మోటారులో క్షేత్రం ఎంత పెద్దదంటే ఒక్క చుట్టులోనే చాలా వోల్టులు పుడతాయి. తీగ లావుగా ఉంటుంది కనుక ఆ కరెంటు వందల ఆంపియర్లకు చేరి కమ్యూటేటర్‌ను కాల్చేస్తుంది. ఆ వోల్టేజీ ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. అందుకే జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా రైల్వేలు ఏసీ సిరీస్ మోటార్లు నడపడానికి 50లో మూడో వంతు, 16⅔ హెర్ట్జ్ కరెంటును వేరుగా తయారుచేసుకున్నాయి. మనం 50 హెర్ట్జే ఉంచుకుని రెక్టిఫయర్ దారి పట్టాం. డబ్ల్యూఏపీ-4 వరకు మన ఏసీ ఇంజన్లు చాలావాటిలో ఉన్నది రెక్టిఫయర్, డీసీ సిరీస్ మోటారే. డబ్ల్యూఏజీ-9, డబ్ల్యూఏపీ-7లతో బ్రష్‌లు లేని మూడు ఫేజుల మోటారు వచ్చింది.

కాబట్టి మిక్సీ బాగోగులన్నీ బ్రష్ దగ్గర కనిపిస్తాయి. బ్రష్ అంచున సన్నటి నీలి మెరుపు ఉంటే మామూలే. కమ్యూటేటర్ చుట్టూ ఉంగరంలా నిప్పు తిరుగుతుంటే జబ్బే. గోల్‌బజార్ పక్క సందులో ఒక తెలుగు మెకానిక్ అలాంటి మిక్సీనొకదాన్ని విప్పుతుండగా దగ్గర కూర్చుని చూశాను. ఆయన తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆర్మేచర్ బయటికి తీయగానే కమ్యూటేటర్ మీద పక్కపక్కనున్న రెండు పట్టీలు నల్లగా గుంటలు పడి ఉన్నాయి. మిగిలిన 22 గోధుమరంగులో నునుపుగా ఉన్నాయి. “కాలింది మొత్తం కాదు మాస్టారూ, ఒక్క కాయిలే తెగింది. చూడండి,” అని మీటరు తీశారు.

ఒక పట్టీ మీద ఒక మొన, పక్క పట్టీ మీద ఇంకో మొన పెట్టి 24 చోట్లా వరసగా కొలిచారు. 23 చోట్ల ఒకే చిన్న అంకె. నల్లబడ్డ రెండిటి మధ్య మాత్రం దానికి 23 రెట్లు వచ్చింది. కాయిల్స్ అన్నీ గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ రెండు పట్టీల మధ్య కాయిల్ తెగిపోతే, మీటరు కరెంటు చుట్టూ తిరిగి మిగతా 23 కాయిల్స్ గుండా రావాలి. అందుకే సరిగ్గా అన్ని రెట్లు. తిరిగేటప్పుడు కూడా ఆ తెగిన చోటు బ్రష్ కింద నుంచి పోయిన ప్రతిసారీ కరెంటు గాలిలో దూకి ఆ రెండు పట్టీలనే కాల్చింది.

ఆయన కొక్కెం దగ్గర భూతద్దంతో చూశారు. తీగ గాడిలో కాకుండా సరిగ్గా కొక్కెం మెడ దగ్గర విరిగింది. తీగ కదలకుండా వార్నిష్ సరిగా పట్టని చోట అదురుకు అదురు తోడై అలా విరుగుతుంది. గాడిలో తెగి ఉంటే ఆర్మేచర్ మొత్తం విప్పి కొత్తగా చుట్టాల్సిందే. కొక్కెం దగ్గర కాబట్టి కొస గీకి, చిన్న తీగముక్క కలిపి, కొక్కేనికి టంకం వేశారు. కమ్యూటేటర్‌ను లేతులో పెట్టి గుంటలు పోయేదాకా పలుచగా చెక్కారు. చెక్కాక రాగీ అభ్రకమూ ఒకే ఎత్తులో మిగులుతాయి. అభ్రకం రాగి అంత త్వరగా అరగదు. రాగి అరిగేకొద్దీ అది పైకి తేలి బ్రష్‌ను ఎగరేస్తుంది. అందుకని సన్నటి రంపపు అంచుతో 24 సందుల్లోనూ అభ్రకాన్ని కొద్దిగా లోతుకు కోశారు. తర్వాత తీగల మీద వార్నిష్ పోసి ఆరబెట్టారు. కొత్త బ్రష్‌ల ముఖాన్ని కమ్యూటేటర్ వంపుకు సరిపోయేలా సాండ్‌పేపర్‌తో అరగదీశారు. ఎమరీ కాగితం వాడరు. దాని గరుకు పొడి కరెంటును పోనిస్తుంది, పట్టీల మధ్య ఇరుక్కుంటే షార్ట్ చేస్తుంది.

కొత్తగా చుట్టాల్సివస్తే పనితనం ఇంకో చోట తెలుస్తుంది. చుట్లు, తీగ లావు లెక్కపెట్టుకోవడం అందరూ చేస్తారు. మంచి మెకానిక్ విప్పేముందు ఇంకొకటి రాసుకుంటారు: ఫలానా గాడిలోని కాయిల్ కొస ఏ పట్టీకి వెళ్లింది, నేరుగా ఎదుటి పట్టీకా, ఒకటి రెండు పట్టీలు పక్కకా? ఈ మోటారులో బ్రష్‌లను జరపడానికి వీలుండదు కనుక, నిప్పు తక్కువగా వచ్చే స్థానాన్ని తయారీదారు ఈ కొసల జరుపులోనే దాచి ఉంచుతాడు. అది తిరిగే దిక్కుకు సంబంధించినది. ఒక్క పట్టీ తేడా వచ్చినా మిక్సీ తిరుగుతుంది, కానీ మొదటి రోజు నుంచే నిప్పులు చిమ్ముతూ బ్రష్‌లను తినేస్తుంది.

షార్ట్ అయిన కాయిల్‌ను వెతకడానికి గ్రౌలర్ ఉంటుంది. ఏసీ కాయిల్ ఉన్న ఉక్కు ఒళ్లో ఆర్మేచర్‌ను పెట్టి, పైన హాక్‌సా బ్లేడు ఆనిస్తారు. షార్ట్ ఉన్న గాడి మీదికి రాగానే బ్లేడు గజగజ కొట్టుకుంటుంది. ఫీల్డ్ కాయిల్‌లో చుట్లు షార్ట్ అయితే లక్షణం వేరు. క్షేత్రం బలహీనపడుతుంది కనుక మిక్సీ మునుపటికంటే వేగంగా తిరుగుతుంది, వేడెక్కుతుంది, పప్పు పడగానే చతికిలపడుతుంది. పాత మిక్సీ ఉన్నట్టుండి హుషారుగా తిరుగుతోందంటే సంతోషించకుండా ఫీల్డ్ కాయిల్ చూపించాలి. మోటారు పరుగెత్తుతూ జార్ మాత్రం తిరగకపోతే మోటారు తప్పేం లేదు, పైన కప్లర్ పళ్లు అరిగిపోయాయి.

ఈ మోటారుకు లోపాలున్నాయి. చప్పుడు ఎక్కువ, బ్రష్‌లు అరుగుతాయి, ఎడతెగకుండా నడపకూడదు. మిక్సీ మీద 30 నిమిషాల రేటింగ్ అని రాసి ఉండేది, అది కూడా మధ్యమధ్య ఆపుతూ నడిపే లెక్కతోనే. బ్రష్‌లు లేని ఎలక్ట్రానిక్ మోటారుతో మిక్సీలు, డ్రిల్లులు వస్తున్నాయి. అవి నిశ్శబ్దంగా ఉంటాయి, కరెంటు తక్కువ తింటాయి. కానీ వాటి సర్క్యూటు బోర్డు పోతే చాలాసార్లు బోర్డే మార్చాలి. యూనివర్సల్ మోటారులో జబ్బు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, మీటరు, టంకం, లేతు ఉన్న మనిషి చేతిలో బాగవుతుంది. ఒకే కరెంటును రెండు కాయిల్స్ గుండా పంపడమనే ఒక్క నిర్ణయం మీద నిలబడి ఇంత వేగాన్ని, ఇంత శక్తిని గుప్పిట్లోకి తెచ్చిన యంత్రం ఇంకొకటి నాకు కనబడలేదు.

మీ ఇంట్లో మిక్సీ నిప్పులు చిమ్ముతుంటే వెంటనే ఆపండి. అలాగే నడిపితే రెండు పట్టీల జబ్బు 24 పట్టీలకూ పాకవచ్చు. పారేసే ముందు ఒక మంచి మెకానిక్‌తో ఆర్మేచర్ విప్పించి, పట్టీ పట్టీకీ మధ్య కొలిపించండి. కొక్కెం దగ్గర తెగిన తీగ ఒక్కటే అయితే, ఆ మిక్సీకి ఇంకా చాలా ఏళ్ల ఆయువుంది.